ఆ ఆర్-3 ఏ దేశపు ఆర్-3?

గుంటూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయనకు డాలస్‌లో బావమరిది, మెల్‌బోర్న్‌లో పిన్ని కొడుకు ఉన్నారనుకోండి. డాబా మీద ఇన్సులేషన్ వేయిద్దామనుకుంటున్నానని చెప్పగానే డాలస్ నుంచి సలహా వస్తుంది: "బావా, మా ఇంటికి పైకప్పు కింద ఆర్-30 వేశారు. నువ్వూ అదే వేయించు." మెల్‌బోర్న్ తమ్ముడు ఇంకోలా అంటాడు: "అంత ఎందుకన్నయ్యా? మాకు ఆర్-5 వేశారు, భేషుగ్గా ఉంది." ముప్పై ఎక్కడ, ఐదు ఎక్కడ! వింటున్నాయన ఇద్దరిలో ఒకరికి విషయం తెలియదని అనుకుంటాడు. నిజానికి ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు. అమెరికావాళ్ల 30ని మెట్రిక్‌లోకి మారిస్తే 5.28 అవుతుంది.

ఫోన్‌లో ఇలాంటి తికమక వస్తే పెద్దగా పోయేదేమీ లేదు, ఇంకోసారి అడిగితే తేలిపోతుంది. అదే తికమక దిగుమతి సరుకుతో వచ్చిన డేటా షీట్‌లో ఉంటే మాత్రం డబ్బు ఖర్చవుతుంది, బోర్డులు స్లాబు మీదికి ఎక్కుతాయి, వాటి మీద కాంక్రీటు పడుతుంది. తర్వాత సరిదిద్దే వీలుండదు. అందుకే ఈ ఒక్క అంకెను ఎలా చదవాలో, అది ఏ కొలతలో ఉందో ఎలా పట్టుకోవాలో కొంచెం నిదానంగా చూద్దాం.

ఆర్ విలువ అంటే వేడిని అడ్డుకునే శక్తి. అంకె పెరిగేకొద్దీ వేడి తక్కువగా దిగుతుంది. ఇది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి బోర్డు మందం, రెండోది ఆ పదార్థంలోంచి వేడి ఎంత సులువుగా పారుతుందో చెప్పే వాహకత. ఈ వాహకతను డేటా షీట్లలో λ అనే గ్రీకు అక్షరంతోనో, k అనే అక్షరంతోనో రాస్తారు. మందాన్ని మీటర్లలో తీసుకుని వాహకతతో భాగిస్తే మెట్రిక్ ఆర్ విలువ వస్తుంది. 50 మిల్లీమీటర్ల బోర్డు, వాహకత 0.033 అయితే 0.05ను 0.033తో భాగించాలి, సుమారు 1.5 వస్తుంది. ఈ భాగహారాన్ని గుర్తుంచుకోండి, మున్ముందు దీనితోనే పని.

అమెరికాలో ఇదే గుణాన్ని అడుగులు, ఫారెన్‌హీట్ డిగ్రీలు, బీటీయూల్లో కొలుస్తారు. బీటీయూ మనకు కొత్తదేమీ కాదు. ఒక టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోసేది, అంటే దాదాపు మూడున్నర కిలోవాట్లు. గంటకు ఒక బీటీయూ అంటే 0.293 వాట్లు. ఒక చదరపు అడుగు 0.0929 చదరపు మీటరు. ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ తేడా సెల్సియస్‌లో తొమ్మిదింట ఐదో వంతు, అంటే 0.556. చదరపు అడుగును, డిగ్రీని గుణించి వాట్లతో భాగిస్తే 0.176 వస్తుంది. రెండు పద్ధతుల మధ్య ఉన్న వంతెన ఈ ఒక్క సంఖ్యే. దాన్ని తిరగేస్తే 5.678.

```
R (m²·K/W)       = R (ft²·h·°F/Btu) × 0.176
R (ft²·h·°F/Btu) = R (m²·K/W) × 5.678
```

ఇక్కడ కొందరు ఫారెన్‌హీట్ అనగానే అలవాటు కొద్దీ 32 తీసేస్తారు. అలా చేయకూడదు. 32 తీసేసేది వాతావరణం ఎంత ఉందో మార్చుకునేటప్పుడు. ఆర్ విలువలో ఉండేది బోర్డుకు అటూ ఇటూ ఉన్న ఉష్ణోగ్రతల తేడా. రెండు వైపులా 32 తీసేస్తే తేడా మారదు కాబట్టి ఆ అంకెకు ఇక్కడ చోటు లేదు.

లెక్క ఇంత తేలికైతే చిక్కు ఎక్కడుంది? ఆర్ పక్కన కొలత రాయకపోవడంలో ఉంది. అమెరికా సరుకు మీద పెద్ద అక్షరాల్లో `R-10` అని ఉంటుంది, అంతే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సరుకు మీద `R2.0` అని ఉంటుంది, అంతే. మొదటిది అడుగుల లెక్క, రెండోది మీటర్ల లెక్క. ఆస్ట్రేలియా ఆర్-2 అమెరికాలో ఆర్-11కు పైనే. కెనడాలో మెట్రిక్ అంకెను వేరుగా గుర్తుపట్టేలా `RSI` అని రాసే అలవాటు ఉంది. సంచి మీద `R-20`, పక్కనే `RSI 3.5` అని రెండూ కనిపిస్తాయి. యూరప్ షీట్లలో సాధారణంగా m²·K/W అని కొలత స్పష్టంగా ఉంటుంది కానీ అక్కడ ఇంకో చిన్న తిరకాసు ఉంది. చాలా యూరప్ దేశాల్లో దశాంశ బిందువు బదులు కామా పెడతారు. `0,033` అని ఉంటే అది 0.033, `1,50` అంటే ఒకటిన్నర. మన కళ్లు కామాను వేలు, లక్షలు విడదీసే గుర్తుగా చూస్తాయి కాబట్టి మసక ఫోటోకాపీలో పొరపాటు పడడం తేలిక.

ఒకే తయారీదారు ఒకే బోర్డును రెండు దేశాలకు పంపితే రెండు రకాల షీట్లు అచ్చువేస్తాడు. మన ఊరి డీలరు చేతికి వచ్చింది అందులో ఏదో ఒకటి. పైగా కొన్నిసార్లు అసలు షీటు కాక, ఎవరో ముందే మార్చి టైపు చేసిన పట్టిక వస్తుంది. మెట్రిక్ అంకెను మళ్లీ 0.176తో గుణించి రెండోసారి మార్చేసిన పట్టికలు కూడా అలాగే పుడతాయి.

కొలత రాయని ఆర్ విలువ ఎదురైతే తేల్చుకునే మార్గం పక్క వరసలో ఉన్న మందమే. ఇళ్ల మీద వాడే ఇన్సులేషన్లలో ఎక్కువ భాగం, అంటే థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ బోర్డు, పఫ్, రాక్‌వూల్, గ్లాస్‌వూల్ వంటివన్నీ, మెట్రిక్ వాహకతలో సుమారు 0.02కు, 0.045కు మధ్యనే ఉంటాయి. అడుగుల లెక్కలో చెప్పాలంటే అంగుళం మందానికి ఆర్ మూడుకూ ఏడుకూ మధ్య ఉంటుంది. మందాన్ని మీటర్లలో తీసుకుని ఆర్‌తో భాగించండి. జవాబు 0.02 నుంచి 0.045 లోపల ఉంటే ఆ ఆర్ మెట్రిక్. లేకపోతే ఆర్‌ను అంగుళాలతో భాగించి చూడండి. మూడు నుంచి ఏడు మధ్య వస్తే అది అడుగుల లెక్క.

రెండు షీట్లు ఎదురుగా పెట్టుకుని చేద్దాం. మొదటిదాంట్లో ఎక్స్‌పీఎస్ బోర్డు, మందం 2 అంగుళాలు, ఆర్ 10 అని ఉంది. రెండు అంగుళాలంటే 0.0508 మీటర్లు. దాన్ని 10తో భాగిస్తే 0.005 వస్తుంది. మామూలు నురుగు బోర్డుకు ఆ వాహకత అసాధ్యం. గాలి తీసేసి మూసిన వాక్యూమ్ ప్యానెళ్లు మాత్రమే ఆ దరిదాపులకు వెళ్తాయి, వాటి ధర, వాటి వాడకం వేరు. ఇప్పుడు 10ని రెండు అంగుళాలతో భాగిస్తే అంగుళానికి 5. సరిగ్గా ఎక్స్‌పీఎస్‌కు ఉండాల్సిన అంకె. కాబట్టి ఇది అమెరికా లెక్క. మెట్రిక్‌లో 1.76.

రెండో షీటులో మందం 50 మిల్లీమీటర్లు, ఆర్ 1.50. 0.05ను 1.5తో భాగిస్తే 0.033. ఇది మెట్రిక్. అడుగుల లెక్కలో 8.5 అవుతుంది. ఇప్పుడు రెండు బోర్డుల్నీ పోల్చవచ్చు: ఒకటి 1.76, ఇంకొకటి 1.50. మార్చకుండా పోల్చి ఉంటే 10, 1.5 అని కనిపించి, మొదటిది ఆరున్నర రెట్లు మేలనిపించేది. అసలు తేడా దాదాపు ఆరో వంతే. ఆ కాస్త తేడాలోనూ కొంత అంకెను ప్రకటించే తీరు వల్ల వచ్చిందే, ఆ సంగతి కొద్దిసేపట్లో చూద్దాం.

షీటులో ఆర్ లేకుండా k మాత్రమే ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. అమెరికా షీట్లలో ఎక్స్‌పీఎస్‌కు k 0.20 అని కనిపిస్తుంది. దాన్ని మెట్రిక్ అనుకుంటే ఈ బోర్డు ఇన్సులేషనే కాదని పక్కన పడేస్తాం. అది అంగుళం మందానికి లెక్కించిన అంకె. కొలతలో `Btu·in/h·ft²·°F` అని ఉంటుంది, మధ్యలోని `in` అంటే అంగుళం. దాన్ని 0.144తో గుణిస్తే 0.029, మనకు తెలిసిన ఎక్స్‌పీఎస్ వాహకత. ఆ `in` లేకుండా `Btu/h·ft·°F` అని ఉంటే అది అడుగు మందానికి లెక్క. అప్పుడు గుణించాల్సింది 1.73తో. అంగుళానికీ అడుగుకూ పన్నెండు రెట్లు తేడా కాబట్టి తప్పు గుణకం వాడితే జవాబు వెంటనే 0.02, 0.045 హద్దు దాటి పోతుంది. హద్దు దాటిందంటే ఆగి కొలత మళ్లీ చదవాలి.

ఇప్పుడు ఒక డాబా తీసుకుందాం. 150 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ స్లాబు, కింద 12 మిల్లీమీటర్ల సిమెంటు ప్లాస్టరింగ్. ఆర్‌సీసీ వాహకత 1.58, సిమెంటు ప్లాస్టరింగ్‌ది 0.72. స్లాబు ఆర్ 0.095, ప్లాస్టరింగ్ ఆర్ 0.017. కప్పుకు పైనా కిందా అంటుకుని ఉండే గాలి పొరలు కూడా వేడిని కొంత ఆపుతాయి, వాటికి లోపల 0.17, బయట 0.04 వేసుకుంటారు. అన్నీ కలిపితే సుమారు 0.32. ఆ మొత్తాన్ని తిరగేస్తే, అంటే ఒకటిని దానితో భాగిస్తే, యూ విలువ వస్తుంది: 3.1. ఒక చదరపు మీటరు కప్పు గుండా, ఒక డిగ్రీ తేడాకు 3.1 వాట్ల వేడి దిగుతుందన్నమాట. ఇళ్లకు వర్తించే ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం కప్పు యూ విలువ 1.2 దాటకూడదు. వాణిజ్య భవనాలకు ఈసీబీసీ 2017 ఇంకా గట్టిగా ఉంటుంది, ఎక్కువ రకాల భవనాలకు కప్పు పరిమితి 0.33.

మన గృహస్థు తన ఇంటికి కూడా ఆ 0.33నే లక్ష్యంగా పెట్టుకున్నాడు. ఒకటిని 0.33తో భాగిస్తే మొత్తం ఆర్ 3.03 కావాలి. ఉన్నది 0.32. ఇన్సులేషన్ నుంచి రావాల్సింది 2.71. ఇంజినీరు నక్షాలో, కొలత రాయకుండా, "ఇన్సులేషన్ ఆర్-3" అని రాశాడు. డీలరు దగ్గర అమెరికా తీరు డేటా షీటు ఉంది. అందులో ఆర్-3 అంటే అర అంగుళం ఎక్స్‌పీఎస్ బోర్డు. నక్షాలో ఆర్-3, బోర్డు మీద ఆర్-3. బిల్లు కూడా తక్కువే. అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు.

ఆ అర అంగుళం బోర్డు మెట్రిక్ ఆర్ 0.53. కప్పు మొత్తం ఆర్ 0.85, యూ విలువ 1.18. వంద చదరపు మీటర్ల డాబా అనుకుని, ఎండ వేడిని కూడా కలుపుకుని బయటికీ లోపలికీ 20 డిగ్రీల తేడా వేసుకుంటే, కోరుకున్న కప్పులోంచి దిగాల్సిన వేడి 660 వాట్లు. దిగేది దాదాపు 2,360 వాట్లు. తేడా 1,700 వాట్లు, అంటే అర టన్ను ఏసీ పని. ఇది నిలకడగా ఉన్న వేడికి వేసిన సాదా లెక్కే. స్లాబు వేడిని దాచుకుని రాత్రి వదలడం వంటివి ఇందులో లేవు. కానీ తప్పు ఎంత పెద్దదో తెలియడానికి ఇది చాలు.

ఈ పొరపాటులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇది ఎవరికీ కనిపించకపోవడం. బోర్డు వేశాక ఇల్లు మునుపటికంటే నిజంగానే చల్లబడుతుంది, యూ విలువ 3.1 నుంచి 1.18కి దిగింది కదా. ఇళ్ల పరిమితి 1.2 లోపలే ఉంది కాబట్టి తనిఖీలోనూ నిలబడుతుంది. "ఇన్సులేషన్ అంటే ఇంతే కాబోలు" అని ఇంటివాళ్లు అనుకుంటారు, ఏసీ తిరుగుతూనే ఉంటుంది. అదే పొరపాటు రెండో వైపు జరిగితే మొదటి రోజే బయటపడుతుంది. డాలస్ బావమరిది చెప్పిన 30ని మెట్రిక్ అనుకుని వాహకత 0.029తో లెక్క వేస్తే 870 మిల్లీమీటర్ల మందం వస్తుంది. దాదాపు మూడడుగుల నురుగును డాబా మీద ఎవరూ వేయరు కాబట్టి అక్కడే ఆగి మళ్లీ చూస్తారు. నష్టం చేసేది, మెట్రిక్‌లో రాసిన చిన్న అంకెకు అడుగుల లెక్క సరుకు వచ్చి చేరడమే. బోర్డు చేతిలోకి తీసుకోగానే మందం చూసుకుంటే ఆ తప్పు దొరుకుతుంది. మెట్రిక్ ఆర్-3కు దగ్గరగా రావాలంటే ఎక్స్‌పీఎస్ మూడు అంగుళాలకు పైనే ఉండాలి. పలక చిటికెన వేలంత మందం కూడా లేకపోతే ఎక్కడో లెక్క తప్పింది.

సరైన మందం ఎంత? కావాల్సిన 2.71ని 0.029తో గుణిస్తే 0.079 మీటర్లు, అంటే 80 మిల్లీమీటర్ల బోర్డు. యూరప్ బోర్డు అయితే 0.033తో గుణించాలి, 90 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. కొలతలు సరిగా మార్చినా రెండు దేశాల అంకెలు పూర్తిగా ఒకదానితో ఒకటి పోల్చదగ్గవి కావు, ఎందుకంటే వాటిని వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచారు. వేడెక్కిన నురుగులోంచి వేడి ఇంకా సులువుగా పారుతుంది. అమెరికాలో ఇళ్ల ఇన్సులేషన్ ప్రకటనలను కట్టడి చేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 75 ఫారెన్‌హీట్ డిగ్రీల సగటు దగ్గర, అంటే 24 సెల్సియస్ దగ్గర కొలవమంటుంది. యూరప్ ప్రమాణాల్లో అది 10 డిగ్రీలు. ఆస్ట్రేలియాలో 23, న్యూజిలాండ్‌లో 15. సగటు అంటే బోర్డు పై ముఖం, కింది ముఖం ఉష్ణోగ్రతల మధ్య అంకె. అమెరికా ఎక్స్‌పీఎస్ షీట్లలో ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది: అంగుళానికి 75 ఫారెన్‌హీట్ దగ్గర ఆర్ 5.0 అని, 40 ఫారెన్‌హీట్ దగ్గర 5.4 అని పక్కపక్కనే ఉంటాయి. తొందరలో చదివేవాళ్లు పెద్ద అంకెను రాసుకుంటారు. 40 ఫారెన్‌హీట్ అంటే నాలుగున్నర సెల్సియస్, మన డాబాకు ఆ అంకెతో సంబంధమే లేదు.

మే నెల మధ్యాహ్నం మన డాబా మీద బోర్డు పై ముఖం 60 డిగ్రీలు, కింది ముఖం 30 ఉంటే సగటు 45. అమెరికా పరీక్షలో ఉన్న 24 కంటే కూడా ఇది చాలా ఎక్కువ. 40 నుంచి 75 ఫారెన్‌హీట్‌కు, అంటే ఇరవై సెల్సియస్ డిగ్రీల్లోపు పెరుగుదలకే ఆర్ ఏడెనిమిది శాతం పడిపోయింది. మళ్లీ అంతే దూరం పైకి పోతే ఇంకా కొంత పడుతుందని లెక్కలో పెట్టుకోవాలి. అందుకే ఇందాకటి 80 మిల్లీమీటర్లను నేనైతే 90 చేస్తాను. యూరప్ బోర్డును 100 చేస్తాను. మార్పిడి గుణకాన్ని 5.678 అనాలా 5.68 అనాలా అని పట్టుబట్టడంకంటే ఈ సగటు ఉష్ణోగ్రత చూసుకోవడం వల్ల ఎన్నో రెట్లు ఎక్కువ ప్రయోజనం. యూరప్ అంకె కొంత తక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. అక్కడ ఎక్స్‌పీఎస్ వాహకతను ప్రకటించేటప్పుడు ఏళ్లు గడిచేకొద్దీ నురుగు గుణం తగ్గడాన్ని కూడా లెక్కలో కలుపుతారు. ఆర్‌ను కిందికే సర్దుతారు తప్ప పైకి కాదు. కాబట్టి చిన్న అంకె ఉన్న బోర్డు నాసిరకమని వెంటనే తేల్చేయకూడదు.

భాగహారం చేసినా ఏ హద్దులోనూ ఇమడని సరుకు ఒకటుంది: వెండిరంగు రేకు అంటించిన బబుల్ షీటు. నాలుగు మిల్లీమీటర్ల షీటుకు ఆర్-8 అని రాసి ఉంటే, మెట్రిక్ అనుకున్నా అడుగుల లెక్క అనుకున్నా కుదరదు. పదార్థంగా దాని ఆర్ మెట్రిక్‌లో 0.1 దగ్గర, అడుగుల లెక్కలో ఒకటి కూడా ఉండదు. మిగతాదంతా ఆ రేకు ఎదురుగా వదిలిన గాలి ఖాళీది. ఖాళీ ఎంత ఉండాలి, వేడి పైనుంచి కిందికా కింది నుంచి పైకా అన్న షరతుల మీద ఆ అంకె నిలబడుతుంది. రేకుల షెడ్డు కింద ఖాళీ వదిలి కట్టినప్పుడు ఆ షీటు బాగా పనిచేస్తుంది. స్లాబుకూ కాంక్రీటుకూ మధ్య నొక్కేస్తే రాసిన ఆర్‌లో దాదాపు ఏమీ మిగలదు. అలాంటి షీటు కొనేముందు, ఈ ఆర్ ఎంత గాలి ఖాళీతో వచ్చిందో రాసిచ్చే కాగితం అడగండి.

డీలరు దగ్గర ఎప్పుడూ తయారీదారు అసలు షీటే అడగాలి, మార్చి టైపు చేసిన పట్టిక కాదు. దాంట్లో పరీక్ష పద్ధతి పేరు ఉంటుంది. `ASTM C518` అని ఉంటే అమెరికా పద్ధతి, పక్కన 75°F కోసం వెతకండి. `EN 12667` అని ఉంటే యూరప్ పద్ధతి, 10°C ఉంటుంది. ఆర్డరు రాసేటప్పుడు మాత్రం ఆర్ అన్న అక్షరాన్నే వదిలేయడం మంచిది. మన డాబాకైతే ఇలా రాయవచ్చు: ఎక్స్‌పీఎస్ బోర్డు, మందం 90 మిల్లీమీటర్లు, 24 డిగ్రీల సెల్సియస్ సగటు దగ్గర వాహకత 0.029 W/m·K మించకూడదు. మందాన్ని సరుకు దిగినప్పుడు టేపుతో కొలుచుకోవచ్చు, వాహకతను షీటుతో సరిచూసుకోవచ్చు.